40 పేజీల ఆడిట్ రిపోర్టు, ఎండీ గారి చేతికి ఒక్క పేజీ

"సార్, గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. కరెంటు ఖర్చు తగ్గించడానికి కన్సల్టెంట్ చేత ఎనర్జీ ఆడిట్ చేయించారు. 40 పేజీల రిపోర్టు వచ్చింది. ఎండీ గారు 'నాకు అంత టైం లేదు, ఒక్క పేజీలో రాసివ్వు, సోమవారం చూస్తా' అన్నారు. ఎంత కుదించినా మూడు పేజీలు వస్తోంది. ఏం ఉంచాలో, ఏం తీసేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఎవరైనా చెప్పగలరా?"

తీసేయడం దగ్గర మొదలుపెడితే మూడు పేజీల కంటే తగ్గదు. రిపోర్టు మూసి పక్కన పెట్టండి. ఒక తెల్లకాగితం తీసుకుని, ఎండీ గారు తప్ప ఇంకెవరూ "సరే" అనలేని పనులు ఏమేమిటో రాయండి. డబ్బు మంజూరు చేయడం, ప్లాంటు ఆపడానికి ఒప్పుకోవడం, డిస్కంకి ఇచ్చే దరఖాస్తు మీద సంతకం పెట్టడం లాంటివి. అవి నాలుగో ఐదో ఉంటాయి, అంతకు మించి ఉండవు. మీ పేజీ అవే. రిపోర్టులోంచి తీసుకోవాల్సింది ఆ నాలుగింటికి ఆధారాలు మాత్రమే.

నేను గుంటూరులోనే 22 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మీకు వచ్చినదానిలాంటి రిపోర్టే మాకూ వచ్చింది. దాని మీద నేను రెండుసార్లు ఒక్క పేజీ రాశాను. మొదటిది పనికిరాలేదు, దానివల్ల ఒక ఏడాది పోయింది. రెండోది పనిచేసింది. రెండూ అదే రిపోర్టు మీద రాసినవే కాబట్టి తేడా ఎక్కడుందో చెప్పగలను.

మాది నాలుగు చాంబర్ల స్టోరేజీ, లక్ష టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, పడతాయి. ఏడాదికి సుమారు 5 లక్షల యూనిట్లు కాలుతుంది. యూనిట్‌కి అన్నీ కలిపి 7 రూపాయలు వేసుకుంటే 35 లక్షలు, డిమాండ్ చార్జీలు ఇంకో 11 లక్షల పైచిలుకు. మొత్తం మీద 46 లక్షల బిల్లు. కన్సల్టెంట్లు నవంబరులో వచ్చి మూడు రోజులు మీటర్లు పెట్టి కొలిచి, డిసెంబరు 10న రిపోర్టు పంపారు. మొదటి మూడు పేజీలు సారాంశం. నాలుగో పేజీలో ఒక టేబుల్. అందులో 14 సిఫార్సులు, ఒక్కోదానికి పెట్టుబడి ఎంత, ఏడాదికి ఆదా ఎంత, ఎన్నాళ్లలో డబ్బు తిరిగొస్తుంది అనే లెక్క. తర్వాత 25 పేజీల వివరణ, చివర్లో అనుబంధాలు.

నేను మొదటిసారి చేసింది ఆ టేబుల్‌ని తెలుగులో పెట్టడం. 14 సిఫార్సులకు 14 లైన్లు, కింద "మొత్తం ఆదా ఏడాదికి 18.5 లక్షలు". పేజీ చక్కగా వచ్చింది. ఎండీ గారు చదివి, "బాగుంది, కూర్చుని మాట్లాడదాం" అని ఫైల్లో పెట్టారు. ఫిబ్రవరి మొదటి వారంలో కొత్త సరుకు దిగడం మొదలైంది. అప్పుడు ఆయన ఫోన్ చేసి "కండెన్సర్ క్లీనింగ్ అని రాశావు కదా, ఎప్పుడు చేయిస్తున్నావ్?" అని అడిగారు. అప్పటికి చేయించే వీలు లేదు. ఆ పని డిసెంబరు, జనవరిల్లోనే చేయాలి. అప్పటికి పాత సరుకు చాలావరకు వెళ్లిపోయి, మిగిలిన టిక్కీలను రెండు చాంబర్లలోకి సర్దేస్తాం. చలి రోజులు కాబట్టి రెండు రోజులు ప్లాంటు ఆపినా లోపలి టెంపరేచర్ పెద్దగా పెరగదు. ఎండలో కాగిన టిక్కీలు లోపలికి వెళ్తున్నప్పుడు ప్లాంటు ఒక్క పూట కూడా ఆపలేం. ఆ సంగతి కన్సల్టెంట్‌కి తెలియదు, ఆయన రిపోర్టులో లేదు. నాకు తెలుసు. నా పేజీలో కూడా లేదు. ఆ ఎండాకాలమంతా తెల్లగా సున్నం పొర కట్టిన కండెన్సర్ పైపులతోనే నడిపాం.

అందుకే చెబుతున్నాను, రిపోర్టు ముందున్న సారాంశాన్ని కుదించి ఇవ్వకండి. అది ఏ కోల్డ్ స్టోరేజీ ఓనరు చదివినా అర్థమయ్యేలా రాసింది. మీ సీజను, మీ చాంబర్లు, మీ బ్యాంకు లిమిట్ దానికి తెలియవు. అవి తెలిసినవాళ్లు మీరు.

తర్వాతి డిసెంబరులో మళ్లీ అదే రిపోర్టు ముందేసుకున్నాను. ఈసారి 14 సిఫార్సులనూ మూడు కుప్పలుగా విడదీశాను. మొదటి కుప్పలో ఎండీ గారి నిర్ణయం కావలసినవి నాలుగు. రెండో కుప్పలో నా స్థాయిలో నేనే చేయించేయగలిగినవి ఆరు: తలుపుల రబ్బరు గాస్కెట్లు మార్చడం, డోర్ కర్టెన్లు వేయించడం, చాంబర్లలో ఎల్ఈడీ లైట్లు, అలాంటివి. వీటికి ఆయన తల ఊపనక్కర్లేదు. మూడో కుప్పలో ఇప్పుడు పట్టించుకోనక్కర్లేనివి నాలుగు, షెడ్డు మీద సోలార్ లాంటివి. ఈ మూడు కుప్పలు చేశాక పేజీ సగం తయారైనట్టే. మీకు మూడు పేజీలు రావడానికి కారణం బహుశా ఇదే. అన్ని అంశాలకూ సమానంగా చోటిస్తున్నారు.

మొదటి కుప్పలో ఉన్నవాటి అంకెలను మాత్రం గుడ్డిగా ఎత్తి రాయకూడదు. అసలు పని ఇక్కడే ఉంది, మీ టైం ఎక్కువగా ఇక్కడే పెట్టండి. టేబుల్‌లో ఉన్న ప్రతి ఆదా అంకె వెనక ఒక కొలత ఉంటుంది. ఆ కొలత ఎప్పుడు తీశారు, ఏ పరిస్థితిలో తీశారు అన్నది అనుబంధంలో ఉంటుంది. వెనక నుంచి చదవడం మొదలుపెట్టండి. మా రిపోర్టులో 34వ పేజీలో చిన్న అక్షరాల్లో కొలిచిన తేదీలున్నాయి. నవంబరులో మూడు రోజులు. ఆ మూడు రోజుల్లో రెండు చాంబర్లు సగం ఖాళీ, కంప్రెసర్ సగం లోడు మీద నడుస్తోంది. ఆ మూడు రోజుల లెక్కనే 12 నెలలకు సాగదీశారు. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో మన ప్లాంటు ఎలా నడుస్తుందో మీకు చెప్పక్కర్లేదు కదా.

దీనివల్ల ఎంత తేడా వస్తుందో ఒక్క అంశం మీద పూర్తిగా చూపిస్తాను. మా కాంట్రాక్ట్ డిమాండ్, అంటే డిస్కంతో రాసుకున్న గరిష్ఠ వాడకం పరిమితి, 250 కేవీఏ. మన హెచ్‌టీ బిల్లులో డిమాండ్ చార్జీ ఎలా వేస్తారో మీకు తెలిసే ఉంటుంది. ఆ నెలలో నమోదైన గరిష్ఠ డిమాండ్, కాంట్రాక్ట్ డిమాండ్‌లో 80 శాతం, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దానికి. 250లో 80 శాతం అంటే 200. మేం వాడినా వాడకపోయినా నెలనెలా 200 కేవీఏకి కడుతున్నాం. మా బిల్లులో రేటు కేవీఏకి 475 రూపాయలు. కన్సల్టెంట్ దీన్ని సరిగ్గా పట్టుకున్నారు. పైసా పెట్టుబడి లేకుండా వచ్చే ఆదా ఇది. 180కి తగ్గించమన్నారు. అప్పుడు 80 శాతం 144 అవుతుంది. 200కీ 144కీ తేడా 56. దాన్ని 475తో, 12 నెలలతో హెచ్చిస్తే 3,19,200. టేబుల్‌లో "3.2 లక్షలు" అని పడింది.

బీరువాలోంచి ఏడాది బిల్లులు తీసి, ఒక్కో నెల గరిష్ఠ డిమాండ్ కాగితం మీద రాసుకున్నాను. మార్చిలో 171, ఏప్రిల్‌లో 186, మేలో 182. మిగిలిన తొమ్మిది నెలలూ 160 లోపే. అంటే 180కి తగ్గించుకుంటే ఏప్రిల్, మే నెలల్లో కాంట్రాక్ట్ దాటిపోతాం, దాటిన దానికి పెనాల్టీ రేటు పడుతుంది. పైగా ఏ నెలలోనైనా వాడింది 144 దాటితే ఆ నెల ఆదా అంతమేర తగ్గిపోతుంది. 3.2 లక్షలు అన్నది ఏడాది పొడుగునా నవంబరే ఉంటే వచ్చే అంకె.

మరి ఎంతకు తగ్గించాలి? 210 అనుకున్నాను. ఏప్రిల్‌లో వచ్చిన 186 మీద ఇంకో 24 కేవీఏ వెసులుబాటు ఉంటుంది. 210లో 80 శాతం 168. ఏప్రిల్‌లో 186కి కడతాం, అంటే 14 ఆదా. మేలో 18 ఆదా. మార్చిలో 29. మిగిలిన తొమ్మిది నెలలూ నెలకు 32 చొప్పున 288. అన్నీ కలిపితే 349. దాన్ని 475తో హెచ్చిస్తే 1,65,775. రిపోర్టు చెప్పినదాంట్లో సగం. కానీ ఇది వచ్చి తీరే సగం, నేను సంతకం పెట్టి ఇవ్వగలిగిన అంకె. ఇంత చేయడానికి నాకు పట్టింది ఒక గంట. మీ పేజీలో పెట్టే ప్రతి పెద్ద అంకెకీ ఈ గంట కేటాయించండి.

ఆ బిల్లుల్లో నాకు ఇంకో సంగతి కూడా తట్టింది. కాంట్రాక్ట్ తగ్గించుకోవడం తేలికే, మళ్లీ పెంచుకోవాలంటే డెవలప్‌మెంట్ చార్జీలు కట్టాలి, టైం పడుతుంది. ఎండీ గారికి ఐదో చాంబర్ కట్టే ఆలోచన ఉందని ఎక్కడో విన్నాను. అదే ఉంటే ఇప్పుడు తగ్గించడం తప్పు. ఆ సంగతి కన్సల్టెంట్‌కి తెలిసే అవకాశం లేదు, నాకూ ఖాయంగా తెలియదు, ఆయనకే తెలుసు. అందుకని పేజీలో అది ప్రశ్నగా పెట్టాను. పై వాళ్ల దగ్గరే ఉన్న సమాచారం మీద ఒక నిర్ణయం ఆధారపడి ఉంటే, దాన్ని ఊహించి రాయకండి. షరతుగా రాయండి.

లోడుని బట్టి మోటారు వేగం మార్చే వీఎఫ్‌డీని కంప్రెసర్‌కి పెట్టమన్న సిఫార్సు కూడా ఇలాంటిదే. 9 లక్షల పెట్టుబడి, ఏడాదికి 4.9 లక్షల ఆదా, రెండేళ్ల లోపే డబ్బు తిరిగొస్తుంది అన్నారు. టేబుల్‌లో చూస్తే నోరూరుతుంది. కానీ మోటారు వేగం తగ్గిస్తే ఆదా వచ్చేది సగం లోడు మీద నడిచినప్పుడు. ఫుల్ లోడు మీద నడిచే నెలల్లో వీఎఫ్‌డీ ఉన్నా లేకపోయినా ఒకటే. కొలిచిందేమో సగం లోడు రోజుల్లో. ఇంకొకటి, కంప్రెసర్లకు ఏడాదికి మూడున్నర లక్షల యూనిట్లు కాలుతుందని, అందులో 20 శాతం వీఎఫ్‌డీ మిగుల్చుతుందని లెక్కేశారు. కండెన్సర్ శుభ్రం చేస్తే 10 శాతం మిగులుతుందని వేరే లైన్లో ఉంది. రెంటికీ అదే మూడున్నర లక్షలు ఆధారం. ముందు కండెన్సర్ బాగుచేస్తే కంప్రెసర్ కాల్చేదే 3.15 లక్షలకు దిగుతుంది. ఆ తర్వాత 20 శాతం అంటే 63 వేల యూనిట్లు, 70 వేలు కాదు. ఎవరూ ఏమీ తప్పు చేయకుండానే 49 వేల రూపాయలు ఆవిరైపోయాయి.

ఇలాంటివి కలుపుకుంటూ పోతే వచ్చిందే ఆ 18.5 లక్షలు. మా మొత్తం బిల్లే 46 లక్షలు. 40 శాతం ఆదా అంటే ఆగి ఆలోచించాలి. మొదటి పేజీలో ఆ మొత్తాన్ని బోల్డ్‌లో పెట్టినందుకు నాకిప్పటికీ బాధగా ఉంటుంది. ఎండీ గారి మనసులో ఆ ఒక్క అంకే నిలిచిపోయింది, తర్వాత అంతకు తక్కువ ఏది చెప్పినా తగ్గించి చెబుతున్నట్టే అనిపించింది. మీ పేజీలో మొత్తం ఆదా రాయకండి. ఒక్కో నిర్ణయం పక్కన దాని అంకె చాలు.

ఈ మాట విని కన్సల్టెంట్లు మోసం చేస్తారనుకోకండి. వాళ్లు కొలిచింది కొలిచినట్టే రాశారు, తేదీలు కూడా దాచలేదు. కండెన్సర్ విషయంలో వాళ్లు చెప్పింది అక్షరాలా నిజమైంది. ఆ వేసవి మా ఆపరేటర్ లాగ్‌బుక్ తీసి చూశాను. గంటగంటకూ డిశ్చార్జ్ ప్రెషర్ రాసే గడిలో మే నెలంతా పదిహేనున్నర కేజీలు, కొన్ని మధ్యాహ్నాలు దానికీ పైన. రిపోర్టు 17వ పేజీలో శుభ్రమైన పైపులతో ఉండాల్సింది పదమూడున్నర అని ఉంది. ప్లాంటులో చల్లదనం కోసం తిరిగే అమ్మోనియాకి ఆ రెండు కేజీల తేడా అంటే కండెన్సింగ్ టెంపరేచర్‌లో సుమారు 5 డిగ్రీలు. ఒక్కో డిగ్రీకి కంప్రెసర్ కరెంటు రెండు మూడు శాతం ఎక్కువ కాలుతుంది. అంటే వాళ్లు వేసిన 10 శాతం ఎక్కువేమీ కాదు. ఇక్కడ వాళ్ల అంకెకి మన లాగ్‌బుక్కే సాక్ష్యం. ఇలా ఇంటి ఆధారం దొరికిన చోట పేజీలో ఆ మాట తప్పకుండా రాయండి. "రిపోర్టు చెప్పింది" అన్నదానికంటే "మన లాగ్‌బుక్‌లో ఉంది" అన్నది ఓనర్లకు త్వరగా ఎక్కుతుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. మా టేబుల్‌లో 14వ లైను, అంటే అట్టడుగున, అమ్మోనియా రిసీవర్ మీద ఉండే సేఫ్టీ వాల్వుల గురించి. ట్యాగ్ మీద ఉన్న టెస్ట్ గడువు దాటిపోయింది, మార్చాలి అని రాశారు. అది అడుగున ఎందుకుందంటే, టేబుల్‌ని డబ్బు ఎంత త్వరగా తిరిగొస్తుందన్న వరసలో పేర్చారు. వాల్వు మారిస్తే రూపాయి ఆదా రాదు కాబట్టి కిందికి పోయింది. నా మొదటి పేజీలో కూడా అది చిట్టచివరి లైనే, ఎండీ గారు అక్కడిదాకా చదివారో లేదో కూడా తెలియదు. ప్రెషర్ పదిహేనున్నర మీద నడుస్తున్న ఎండాకాలంలో, గడువు దాటిన వాల్వు కింద మనుషులు పనిచేశారు. ఏమీ జరగలేదు, కానీ జరగకపోవడం నా గొప్ప కాదు. మీ రిపోర్టులో ప్రాణానికి, చట్టానికి, సరుకు చెడిపోవడానికి సంబంధించిన లైన్లు ఎక్కడున్నాయో పేజీ పేజీ తిరగేసి వెతకండి. టేబుల్‌లో పైసల వరసలో ఎక్కడున్నా సరే, మీ కాగితం మీద అవి మొదట ఉండాలి.

రెండోసారి నేనిచ్చిన పేజీ ఇది, ఉన్నదున్నట్టు. పేర్లు మాత్రం తీసేశాను.

ఎండీ గారికి — ఎనర్జీ ఆడిట్ మీద మీరు తీసుకోవలసిన నాలుగు నిర్ణయాలు
తేదీ: డిసెంబరు 12

డిసెంబరు 20 లోపు మీరు చెబితే మొదటి రెండు పనులూ కొత్త సరుకు దిగేలోపు అయిపోతాయి. ఆ తేదీ దాటితే మళ్లీ వచ్చే డిసెంబరే.

1. అమ్మోనియా రిసీవర్ సేఫ్టీ వాల్వులు మార్చాలి. టెస్ట్ గడువు దాటింది (రిపోర్టు పే. 27, ట్యాగ్ నేను చూశాను). ఖర్చు 60 వేలు. ఆదా ఏమీ లేదు, ఇది మనుషుల భద్రత. నా సిఫార్సు: వెంటనే చేయాలి.
సరే ☐  వద్దు ☐

2. కండెన్సర్ పైపుల సున్నం తీయించి, బోరు నీళ్లకు సాఫ్ట్‌నర్ పెట్టాలి. మే నెలలో ప్రెషర్ 15.5 ఉంది, 13.5 ఉండాలి (పే. 17; మన లాగ్‌బుక్ కూడా అదే చెబుతోంది). ఖర్చు 3.5 లక్షలు. ఆదా ఏడాదికి 2 లక్షల నుంచి 2.4 లక్షలు. ప్లాంటు రెండు రోజులు ఆపాలి, జనవరి 5 నుంచి 20 మధ్య. నా సిఫార్సు: చేయాలి.
సరే ☐  వద్దు ☐

3. కాంట్రాక్ట్ డిమాండ్ 250 నుంచి 210కి తగ్గించాలి. వాడకపోయినా నెలనెలా 200కి కడుతున్నాం. పెట్టుబడి లేదు. ఆదా ఏడాదికి 1.65 లక్షలు. రిపోర్టు 180కి తగ్గించమంది (పే. 12), ఏప్రిల్‌లో మనం 186 వాడాం కాబట్టి అది కుదరదు, కన్సల్టెంట్ కూడా ఫోన్లో ఒప్పుకున్నారు. రెండేళ్లలో ఐదో చాంబర్ కట్టే ఆలోచన ఉంటే ఇది చేయవద్దు.
సరే ☐  వద్దు ☐

4. కంప్రెసర్‌కి వీఎఫ్‌డీ, 9 లక్షలు: ఇప్పుడు వద్దు. రిపోర్టు ఆదా (పే. 20, 4.9 లక్షలు) నవంబరులో సగం లోడు మీద కొలిచింది. ఏప్రిల్‌లో వారం రోజులు మీటరు పెట్టి కొలిచి, జూన్‌లో మీకు మళ్లీ చెబుతాను. మీటరు అద్దె 15 వేలు.
సరే ☐  వద్దు ☐

గాస్కెట్లు, డోర్ కర్టెన్లు, లైట్లు మొదలైన ఆరు చిన్న పనులు నా స్థాయిలో జనవరిలో చేయిస్తున్నాను. మిగిలిన నాలుగు సిఫార్సులు ఈ ఏడాదికి అక్కర్లేదు. రిపోర్టులో పైన చెప్పిన పేజీలకు జెండాలు అంటించాను.

చూశారు కదా, ఇందులో "పరిచయం" లేదు, ఆడిట్ ఎలా చేశారన్నది లేదు, కన్సల్టెంట్ కంపెనీ గురించి లేదు. గడువు అన్నిటికంటే పైన ఉంది, ఎందుకంటే మొదటిసారి పోయింది అక్కడే. ఒక్కో నిర్ణయానికి క్రమం ఒకటే: ఏం చేయాలి, ఎందుకు, ఎంత ఖర్చు, ఎంత వస్తుంది, నేనేమంటాను. రెండోదాంట్లో ఆదాకి ఒకే అంకె ఇవ్వకుండా ఇంత నుంచి ఇంత అని రాశాను, ఎందుకంటే ఆ ఏడాది ఎంత సరుకు వస్తుందన్నదాని మీద అది మారుతుంది. మూడోదాంట్లో ఖాయమైన అంకె ఇచ్చాను, అది బిల్లుల మీద లెక్కేసింది కాబట్టి. ఎంత నమ్మకమున్న అంకెని అంత గట్టిగా చెప్పండి.

"వద్దు" అన్న సిఫార్సుని కూడా నిర్ణయంగానే పెట్టడం గమనించండి. వీఎఫ్‌డీ గురించి ఏమీ రాయకుండా వదిలేస్తే, రేపు ఎవరో అమ్మకందారు వచ్చి "మీ రిపోర్టులోనే ఉంది కదండీ, రెండేళ్లలో డబ్బు వచ్చేస్తుంది" అంటాడు. అప్పుడు ఎండీ గారు మీ వైపు చూస్తారు. టేబుల్‌లో ఆకర్షణగా కనిపించే దేన్నైనా మీరు ఆపుతుంటే, ఎందుకు ఆపుతున్నారో, మళ్లీ ఎప్పుడు చెబుతారో ఆ పేజీలోనే ఉండాలి.

కన్సల్టెంట్ అంకెతో మీ అంకె కలవని చోట, పేజీ ఇచ్చే ముందు వాళ్లకి ఫోన్ చేయండి. నేను మూడే ప్రశ్నలు అడిగాను. 180 అన్నది ఏ నెలల డిమాండ్ మీద లెక్కేశారు? వీఎఫ్‌డీ ఆదా కండెన్సర్ బాగుచేశాక లెక్కా, చేయకముందు లెక్కా? వాల్వుల సంగతి ఎంత అర్జెంటు? మొదటిదానికి "మూడు రోజుల కొలత మీదేనండీ, మీ వేసవి బిల్లులు మాకు అందలేదు" అన్నారు. నిజమే, ఆ బిల్లులు పంపాల్సింది మా ఆఫీసే. మూడోదానికి ఆయన ఆలోచించకుండా "అది ముందు చేయించండి సార్" అన్నారు. ఈ ఫోన్ చేయకుండా పేజీ ఇస్తే, ఎండీ గారు కన్సల్టెంట్‌ని పిలిచిన రోజు మీ ఇద్దరి మాటా రెండు రకాలుగా వినిపిస్తుంది, అక్కడితో మొత్తం ఆగిపోతుంది.

పేజీ సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి నేను మా అకౌంటెంట్‌ గారికి ఇచ్చాను. ఆయనకు ప్లాంటు గురించి తెలియదు. చదివాక రిపోర్టు ముట్టుకోకుండా నాలుగు గడుల్లో టిక్కు పెట్టమన్నాను. మూడు పెట్టి, రెండోదాని దగ్గర ఆగి "రెండు రోజులు ఆపితే లోపలున్న సరుకు సంగతేంటి?" అన్నారు. సరైన ప్రశ్న. ఎండీ గారు కూడా అదే అడుగుతారు. కానీ దానికి పేజీలో చోటు లేదు, అందుకే జవాబు నోటితో చెప్పడానికి సిద్ధం చేసుకున్నాను: పోయినేడు జనవరిలో కరెంటు 30 గంటలు లేనప్పుడు చాంబర్ ఎంత పెరిగిందో లాగ్‌బుక్‌లో ఉన్న పేజీకి ఒక జెండా అంటించాను. ఎక్కడ ఆగుతారో అక్కడ ఏదో లోటుందని గుర్తు. అది పేజీలో చేర్చాలో, నోటితో చెప్పాలో మీరు చూసుకోండి.

అక్షరాలు చిన్నవి చేసి, మార్జిన్లు తగ్గించి ఒక్క పేజీలో ఇరికించకండి. ఎండీ గారు కారులోనో, యార్డులో కమీషన్ షాపు దగ్గర కుర్చీలోనో కూర్చుని చదువుతారు. 12 సైజు కంటే తగ్గితే చదవరు. పట్టకపోతే నిర్ణయాల్లో ఏదో ఒకటి మీ స్థాయిలోకి దింపుకోవచ్చేమో చూడండి. నాకు మొదట ఐదు వచ్చాయి. మూడో చాంబర్ పడమటి గోడ చెమ్మగా ఉంటోందని, ఇన్సులేషన్ మార్చమని, 22 లక్షలని ఐదోది. దానికి ఇప్పుడు కావాల్సింది 22 లక్షల నిర్ణయం కాదు. ఆ గోడ పక్కన టిక్కీలు పేర్చకుండా రెండడుగుల సందు వదలడం, రెండు చోట్ల ఇన్సులేషన్ విప్పి చూడటం. అవి నేనే చేయించగలను. చూశాక కావాలంటే దానికి వేరే కాగితం రాయొచ్చు.

ఎండీ గారు ఆ పేజీని నా ముందే చదివారు, ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. మొదటి రెండింటికీ టిక్కు పెట్టారు. నాలుగోదానికీ పెట్టారు. మూడోదాని దగ్గర పెన్ను ఆపి, "ఐదో చాంబర్ సంగతి నీకెవరు చెప్పారు?" అని, కాసేపు ఆలోచించి, ఖాళీ వదిలేశారు. మార్చి దాకా ఆగమన్నారు. స్థలం బేరం కుదరలేదు, మార్చి చివర్లో దరఖాస్తు మీద సంతకం పెట్టారు. కండెన్సర్ జనవరి 8, 9 తేదీల్లో శుభ్రం చేశాం. ఆ మేలో లాగ్‌బుక్ గడుల్లో 13.6, 13.8 అని ఉన్నాయి.

మీ రిపోర్టు చేతికొచ్చిన తేదీ ఏమిటో మీరు రాయలేదు. ఇప్పుడు సీజను నడుస్తుంటే, ప్లాంటు ఆపాల్సిన పనులన్నిటికీ వచ్చే డిసెంబరు తేదీ వేసి, సేఫ్టీ లైన్లను మాత్రం విడిగా ఈ సోమవారమే మాట్లాడండి.